స్ట్రిప్ వెనక ఏం రాసుంది?

వానాకాలం వచ్చిందంటే హఫీజ్‌పేట్, కొండాపూర్, మియాపూర్ వైపు డెంగీ మాట వినబడని అపార్ట్‌మెంట్ తక్కువ. కడుతున్న భవనాల సెల్లార్లలో నిలిచిన నీళ్ళు, బాల్కనీ కుండీల కింద పళ్ళేలు, మూత సరిగ్గా పడని సంపులు ఉంటే పగటిపూట కుట్టే ఏడిస్ దోమకి ఇంకేం అక్కర్లేదు. 2019లో తెలంగాణలో అధికారిక లెక్కల్లోనే 13,000కు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. ఆ ఏడు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఓపీ ముందు బారులు తీరిన జనాన్ని చూసినవాళ్ళు ఇంకా మర్చిపోలేదు.

అయితే డెంగీ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆసుపత్రిలో చేరరు. ఇంట్లోనే మంచం మీద, మందుల షాపు నుంచి తెచ్చిన మాత్రలతో ఆ వారం గడుపుతారు. ఆ వారంలో ఇంట్లోవాళ్ళు ఏ మాత్ర ఇస్తారు, ఎన్ని ఇస్తారు, ఎప్పుడు ఆపుతారు అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. ఈ సంవాదంలో ఇద్దరే ఉన్నారు. వదిన ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మరిది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. జ్వరం వచ్చింది అన్నకి. వయసు ముప్పై నాలుగు, బరువు 62 కిలోలు. ఆదివారం రాత్రి చలితో మొదలైంది. మంగళవారం మధ్యాహ్నం ఎన్.ఎస్.1 పరీక్షలో డెంగీ అని తేలింది. ఆ రాత్రి వదిన డ్యూటీ నుంచి వచ్చేసరికి మరిది చేతిలో నీళ్ళ గ్లాసు, కొత్త స్ట్రిప్పు ఉన్నాయి. మరిది అడిగినవి తీసిపారేసే ప్రశ్నలు కావు. మనలో చాలామందికి వచ్చేవే.

మరిది: మంచి టైముకి వచ్చారు వదినా. అన్నయ్య నడుం, కళ్ళ వెనక నొప్పి భరించలేకపోతున్నాడు. పొద్దుట్నుంచి డోలో ఇస్తున్నా, దానికి తగ్గట్లేదు. షాపతను కాంబిఫ్లామ్ ఇచ్చాడు. ఒకటి వేస్తే నిద్రైనా పడుతుంది కదా.

వదిన: వెయ్యొద్దు. ముందు ఆ స్ట్రిప్ వెనక్కి తిప్పి చదువు.

మరిది: ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325. ఐబుప్రొఫెన్ ప్రపంచమంతా వాడుతున్నదేగా వదినా. మా ఆఫీసులో ప్రతి డ్రాయర్లోనూ ఉంటుంది.

వదిన: తలనొప్పికి, బెణుకుకి వాడే మందే. నేను మందుని తప్పు పట్టట్లేదు, ఈ వారంలో దాన్ని వాడటం తప్పంటున్నాను. మీ అన్నయ్య రక్తంలో ప్లేట్‌లెట్లు ఇవాళ 1,12,000. ఇంకా పడతాయి. వైరస్ వల్ల ఎముక మజ్జలో కొత్తవి తయారవడం తగ్గుతుంది, ఉన్నవి తొందరగా నాశనమవుతాయి. మిగిలినవాటిని కూడా ఈ మందు సరిగ్గా పనిచెయ్యనివ్వదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోడానికి ఒక సంకేతం కావాలి. ఐబుప్రొఫెన్ ఆ సంకేతం తయారయ్యే దారిని మూసేస్తుంది. సంఖ్య తక్కువైందని రిపోర్టులో కనబడుతుంది కానీ, ఉన్నవి పనిచేయట్లేదని ఆ రిపోర్టులో కనబడదు.

మరిది: ఒక్క మాత్రకే అంత జరుగుతుందా? నిజంగా ఒక్క కాంబిఫ్లామ్ వల్ల ఎవరికైనా రక్తం కారిందా?

వదిన: ఒక్క మాత్రతో అందరికీ రక్తస్రావం అవుతుందని నేను చెప్పను. జ్వరం మొదటిరోజు అది డెంగీ అని తెలియక ఒకటి రెండు వేసుకుని వచ్చేవాళ్ళు మా వార్డుకి రోజూ వస్తారు. చాలామందికి ఏమీ అవ్వదు. అలా వేసుకున్నవాళ్ళు హడలిపోకుండా ఆపేసి, డాక్టరుకి ఆ సంగతి చెబితే చాలు. కానీ డెంగీ అని రిపోర్టు చేతిలో పెట్టుకుని వెయ్యడం వేరు. ఎవరికి కడుపులో పుండు పడుతుందో, ఎవరి ప్లేట్‌లెట్లు ఎల్లుండి ముప్పై వేలకి దిగుతాయో ఇవాళ చెప్పలేం. నొప్పి కొంచెం ఎక్కువ తగ్గడం కోసం అంత రిస్కు తీసుకోవాలా?

మరిది: కడుపులో పుండు ఎక్కడ్నుంచి వచ్చింది మధ్యలో?

వదిన: అది అన్నిటికంటే దగ్గరి ప్రమాదం. కడుపు లోపలి పొరని ఆమ్లం నుంచి కాపాడే పదార్థాన్ని కూడా ఈ మందులు తగ్గిస్తాయి. రెండు రోజులుగా సరిగ్గా తినని కడుపు ఇది. అక్కడ చిన్న గాటు పడితే మామూలు రోజుల్లో దానంతట అదే మూసుకుంటుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్న రోజుల్లో అక్కణ్ణుంచి రక్తం కారుతూ ఉంటుంది. బయటికి తెలిసేది మలం తారులా నల్లగా వచ్చినప్పుడే. మూత్రపిండాల సంగతి ఇంకోటి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటికి రక్తం అందడానికి సాయపడే పదార్థం కూడా కడుపుని కాపాడేదాని కుటుంబంలోదే, దాన్నీ ఈ మందు తగ్గిస్తుంది. రెండు రోజుల్లో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరే దశ రావొచ్చు. ఆ దశలో మూత్రపిండాల మీద ఈ మందు దెబ్బ కూడా పడకూడదు.

మరిది: మరి ఆస్పిరిన్? నాన్నకి గుండెలో స్టెంట్ వేశాక రోజూ ఎకోస్ప్రిన్ 75 వేసుకుంటున్నారు. ఆయనకి కూడా ఒళ్ళు వెచ్చగా ఉందంటున్నారు. ఆపెయ్యమని చెప్పేదా?

వదిన: వద్దు. మావయ్యగారి మాత్ర నువ్వూ నేనూ ఆపేది కాదు. స్టెంట్ ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి ఆస్పిరిన్ మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టవచ్చు. రేపు పొద్దున్నే రక్తపరీక్ష చేయించి, గుండె డాక్టరుకి ఫోన్ చేసి అడుగుదాం. ఏం చేయాలో ప్లేట్‌లెట్లు చూసి ఆయన చెబుతారు. జ్వరానికో ఒళ్ళునొప్పులకో కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టడం మాత్రం ఎవరూ చెయ్యకూడదు. ఐబుప్రొఫెన్ ప్రభావం దాదాపు ఒక రోజులో పోతుంది. ఆస్పిరిన్ అలా కాదు. అది తాకిన ప్లేట్‌లెట్ మళ్ళీ కోలుకోదు. దానికి కేంద్రకం లేదు, పాడైన ఎంజైమ్‌ని మళ్ళీ తయారుచేసుకోలేదు. ఆ కణం బతికే వారం పది రోజులూ అంతే. అంటే సోమవారం వేసిన ఆస్పిరిన్ ప్రభావం శుక్రవారం ప్రమాద సమయానికి ఇంకా ఉంటుంది. పిల్లలకైతే వైరస్ జ్వరాల్లో ఆస్పిరిన్ ఇస్తే రేస్ సిండ్రోమ్ అని మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే జబ్బు రావొచ్చు. అందుకే వాళ్ళకి అసలు ఇవ్వరు.

మరిది: సరే, మాత్రలు వద్దు. మా పీజీలో ఒకడికి జ్వరమొస్తే క్లినిక్‌లో నడుముకి సూది వేశారు, గంటలో లేచి కూర్చున్నాడు. అది కడుపులోకి వెళ్ళదు కదా?

వదిన: ఆ సూది సాధారణంగా డైక్లోఫెనాక్. అదీ ఇదే జాతి. కడుపులోకి వెళ్ళకపోయినా రక్తంలోంచి అదే పని చేస్తుంది. పైగా కండలోకి సూది గుచ్చితే ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళకి లోపల రక్తం గడ్డలా నిలిచిపోతుంది. డెంగీ అని తెలిశాక కండకి వేసే ఏ ఇంజెక్షనూ వద్దనే అంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దగ్గర నొప్పి మాత్రలు రకరకాల పేర్లతో దొరుకుతాయి. చాలా వాటిలో పారాసెటమాల్ కూడా కలిసి ఉండటంతో ‘జ్వరం మాత్రే కదా’ అని షాపులో ఇచ్చేస్తారు, మనమూ తెచ్చేసుకుంటాం. పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చూస్తే లోపల ఏముందో తెలియదు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరే చూడాలి. మరిది వాదన కూడా ఇక్కణ్ణుంచి వేరే దారి పట్టింది.

మరిది: అయితే డోలో మాత్రమే మిగిలింది. దానికి భయం లేదుగా. నాలుగు గంటలకోసారి ఇస్తున్నా. పొద్దున ఆరుకి, పదికి, మధ్యాహ్నం రెండుకి, సాయంత్రం ఆరుకి. ఇప్పుడు పది కావస్తోంది, ఇంకోటి వేసేస్తా.

వదిన: ఇవి కాక ఇంకేమైనా వేశావా?

మరిది: తలనొప్పిగా ఉందంటే మధ్యాహ్నం ఒకటి, ఏడింటికి ఒకటి జలుబు మాత్ర వేశా. అది వేరేది కదా.

వదిన: ఆ స్ట్రిప్పు కూడా ఇలా తే. చూడు, ఇందులోనూ పారాసెటమాల్ 500 ఉంది. ఇప్పుడు కూడు. 650 చొప్పున నాలుగు డోలోలు 2,600. రెండు జలుబు మాత్రలు 1,000. మొత్తం 3,600 మిల్లీగ్రాములు, పదమూడు గంటల్లో. డెంగీలో పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 3,000 దాటొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యులకిచ్చిన చేతిపుస్తకం. మామూలు జ్వరాల్లో 4,000 వరకూ అంటారు. మనం డెంగీ హద్దు దాటేశాం. ఇది విషమయ్యేంత మోతాదు కాదు, భయపడకు. కానీ రేపు ఆరింటిదాకా ఇంకో మాత్ర లేదు.

మరిది: వదినా, జ్వరం 103 ఉంది! రాత్రంతా అలా వదిలేస్తామా?

వదిన: వదిలెయ్యం. ఫ్యాన్ పెట్టి, గోరువెచ్చటి నీళ్ళలో బట్ట ముంచి మెడ, చంకలు, గజ్జల దగ్గర తుడుద్దాం. ఐసు నీళ్ళు వద్దు, వణుకు పుట్టి జ్వరం ఇంకా ఎక్కుతుంది. ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఉందాం. డెంగీలో పారాసెటమాల్ జ్వరాన్ని పూర్తిగా దించదు. 103 ఉన్నది 101 అవుతుంది, నాలుగైదు గంటల్లో మళ్ళీ పైకి వెళ్తుంది. అది మందు పనిచేయకపోవడం కాదు, మందు పని అంతే. ఆ సంగతి తెలియకే ఇంట్లోవాళ్ళు మాత్ర మీద మాత్ర వేస్తారు.

మరిది: పారాసెటమాల్ వల్ల ప్లేట్‌లెట్లకి ఏమీ కాదన్నప్పుడు కాస్త ఎక్కువైతే నష్టమేంటి?

వదిన: దెబ్బ పడేది కాలేయం మీద. మింగిన పారాసెటమాల్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం హాని లేకుండా బయటికి పంపిస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ అనే పదార్థం కాలేయంలో నిలవ ఉంటుంది. మూడు రోజులు సరిగ్గా తినకపోతే ఆ నిలవ తగ్గిపోతుంది. మద్యం అలవాటున్నవాళ్ళకి ముందే తక్కువ. పైగా డెంగీ వైరస్ కాలేయాన్ని తనంతట తానే వాచేలా చేస్తుంది. మామూలు మనిషికి ఇబ్బంది పెట్టని మోతాదు ఈ మనిషికి ఎక్కువ కావొచ్చు. నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. పారాసెటమాల్ ఎక్కువైతే మొదట వచ్చేవి వాంతులు, కడుపునొప్పి. డెంగీ ముదురుతోందని చెప్పే గుర్తులూ అవే. రెండూ కలిసిపోతే ఏది దేనివల్లో చెప్పడం డాక్టరుకీ కష్టం. రేపు రక్తపరీక్షతోపాటు కాలేయ పరీక్ష కూడా చెయ్యమని అడుగుతాను.

మరిది: మరి లెక్క ఎలా? అందరికీ 650యేనా?

వదిన: బరువుని బట్టి. కిలోకి 10 మిల్లీగ్రాములు ఒక్క మోతాదు. మీ అన్నయ్య 62 కిలోలు, 620 అవుతుంది, 650 మాత్ర సరిపోతుంది. 45 కిలోల మనిషికి 500 మాత్ర చాలు. రెండు మాత్రల మధ్య కనీసం ఆరు గంటలు, రోజుకి నాలుగుకి మించకూడదు. అదీ గడియారం చూసి కాదు, బాధగా ఉన్నప్పుడే ఇవ్వు. అలా ఇస్తే నాలుగు డోలోలు కలిపినా 2,600 దగ్గర ఆగుతుంది. కాలేయ జబ్బున్నవాళ్ళ మోతాదు డాక్టరే చెప్పాలి.

మరిది: పాపకి కూడా వస్తే? ఇంట్లో సిరప్ సీసాలు రెండున్నాయి. ఏదైనా ఒక మూత పోస్తే సరిపోదా?

వదిన: మూత లెక్క పెట్టుకుంటేనే తప్పు జరుగుతుంది. పాప 12 కిలోలు. ఒక మోతాదు 120 మిల్లీగ్రాములు. ఈ సీసా చూడు, 5 మిల్లీలీటర్లలో 120 అని ఉంది. దీన్లో 5 మిల్లీలీటర్లు పోస్తే సరి. ఆ రెండో సీసాలో 5 మిల్లీలీటర్లకి 250 ఉంది. అదే మూత పోస్తే రెట్టింపు దాటిపోతుంది, దీన్లోంచి 2.4 మిల్లీలీటర్లే ఇవ్వాలి. చుక్కల మందు ఇంకా చిక్కన, ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. అది 1.2 చాలు. అందుకే మూత కాదు, సూది లేని సిరంజితో కొలవాలి. వాడే సీసా ఒక్కటే ఉంచి రెండోది ఎత్తు మీద పెట్టెయ్.

ఆ రాత్రే వదిన పాత క్యాలెండర్ కాగితం వెనక నాలుగు గడులు గీసింది. టైము, జ్వరం ఎంత, ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, మూత్రం ఎప్పుడు వచ్చింది. నా దృష్టిలో ఆ ఇంట్లో జరిగిన మంచి వైద్యం ఆ కాగితమే. అన్న రోజంతా ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు కలిపి అయిదారు పెద్ద గ్లాసుల పైనే తాగాడు. ఆరు గంటలకోసారైనా మూత్రం వస్తోందా అని చూశారు. ఉత్త మంచినీళ్ళే తాగిస్తే ఒంట్లో ఉప్పు తగ్గిపోతుందని వదిన ఒప్పుకోలేదు. పగలు కూడా దోమతెర కట్టింది. జ్వరం ఉన్నన్ని రోజులూ ఆయన్ని కుట్టిన దోమ పాపకి అంటించగలదు. మామగారి పరీక్షలో డెంగీ లేదు, ఆయన జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. బొప్పాయి ఆకు రసం గురించి కూడా కొంత గొడవ నడిచింది. అది రక్తస్రావాన్ని ఆపుతుందన్న రుజువు లేదనీ, చేదుకి వాంతి అయితే తాగిన ఓఆర్‌ఎస్ కూడా పోతుందనీ వదిన అనడంతో అది అక్కడితో ఆగింది.

గురువారం మధ్యాహ్నం మాత్ర లేకుండానే జ్వరం 99కి దిగింది. శుక్రవారం పొద్దున మళ్ళీ వాదన మొదలైంది.

మరిది: ఇవాళ జ్వరమే లేదు. అన్నయ్య మధ్యాహ్నం ఓ మీటింగుకి లాగిన్ అవుతానంటున్నాడు. నేనూ పీజీకి వెళ్ళిపోతా.

వదిన: ఇద్దరూ ఆగండి. డెంగీలో అసలు జాగ్రత్త జ్వరం దిగిన ఈ ఒకటి రెండు రోజుల్లోనే. నీళ్ళు రక్తనాళాల్లోంచి బయటికి ఊరేది ఇప్పుడే. మాత్ర గడియారం ప్రకారం కాక, బాధగా ఉన్నప్పుడే ఇవ్వమన్నది అందుకే. ఆరు గంటలకోసారి వేస్తూ పోయుంటే జ్వరం నిజంగా దిగిందా, మందు దించిందా తెలిసేది కాదు. పొద్దున్నే రిపోర్టు వచ్చింది, చూశావా?

మరిది: చూశా. ప్లేట్‌లెట్లు 68,000. ఇరవై వేల కిందికి పడితేనే కదా ప్రమాదం అంటారు.

వదిన: దాని పై వరస చూడు. హెమటోక్రిట్ మంగళవారం 41, ఇవాళ 46. రక్తం చిక్కబడుతోందంటే నీరు బయటికి పోతోందని అర్థం. అందరూ ప్లేట్‌లెట్ల వెంట పడతారు కానీ మనిషిని షాక్‌లోకి తోసేది ఎక్కువగా ఈ నీరు పోవడమే. పొద్దుట్నుంచి మీ అన్నయ్య ఎన్నిసార్లు వాంతి చేసుకున్నాడు?

మరిది: రెండుసార్లు. కడుపులో కుడివైపు నొప్పంటే గ్యాస్ అనుకున్నా. డోలో వేద్దామా?

వదిన: నొప్పికి మాత్ర వేసి ఆ గుర్తుని మూసెయ్యొద్దు. ప్లేట్‌లెట్లు పడుతూ హెమటోక్రిట్ పెరగడం, ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి మలం, మగతగానో చిరాగ్గానో ఉండటం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఇంటి వైద్యం అక్కడితో ఆపెయ్యాలి. మనకి మూడు కనబడ్డాయి. కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి ఇక్కడికి దగ్గరే. కాగితం, రిపోర్టులు, వేసిన మాత్రల స్ట్రిప్పులు అన్నీ సంచిలో పెట్టు.

మరిది: నేను ఒక్కణ్ణే పీజీలో ఉండి నాకిలా అయ్యుంటే?

వదిన: డెంగీ అని తేలిన రోజే ఇక్కడికి వచ్చెయ్యాలి, లేదా ఆసుపత్రిలో చేరాలి. రాత్రి రెండింటికి కాళ్ళు చల్లబడ్డాయని చూసే మనిషి లేనిచోట డెంగీని గదిలో పడుకుని గడపకూడదు. ఒంటరిగా ఉండటం కూడా చేర్చుకోడానికి ఒక కారణమే. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, షుగరున్నవాళ్ళ విషయంలోనూ అంతే.

అన్నని ఆ మధ్యాహ్నమే చేర్చుకున్నారు. హెమటోక్రిట్ చూసుకుంటూ ఒకటిన్నర రోజు సెలైన్ పెట్టారు. ప్లేట్‌లెట్లు 41,000 దాకా దిగాయి. రక్తస్రావం లేదు కాబట్టి ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు. ఆదివారం నుంచి వాటంతట అవే పెరగడం మొదలైంది. మరిది తెచ్చిన కాంబిఫ్లామ్ స్ట్రిప్పు ఒక్క మాత్ర కూడా విప్పకుండానే ఉంది.

ఈ వానాకాలంలో మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, అది డెంగీ కాదని తేలేదాకా మందుల డబ్బాలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్, నిమెసులైడ్, ఆస్పిరిన్ అని వెనక రాసున్న స్ట్రిప్పులన్నీ తీసి పక్కన పెట్టండి. గుండె డాక్టరు రోజూ వేసుకోమన్న మాత్ర ఉంటే మాత్రం ఆయన్ని అడగకుండా ఆపకండి. మిగిలిన పారాసెటమాల్ ఎప్పుడు, ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారో కాగితం మీద రాయండి. ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే ఆ కాగితాన్ని మీతో తీసుకెళ్ళండి.